చుక్కలా నిలిచిన మంట

పనూఫి వేసిన మంటను చూస్తే గాలికి కూడా భయమని అలెగ్జాండ్రియా రేవులో అనుకునేవారు. ఊరికే అనలేదు. ఫారోస్ దీవి మీది పెద్ద దీపస్తంభంలో నిప్పు పనివాళ్ళు చాలామందే ఉండేవారు. మంట వేయడం అందరికీ వచ్చు. దాన్ని నిలబెట్టడం మాత్రం పనూఫికే చేతనవును. అతని వంతు వచ్చిన రాత్రి దీపం ఎగరదు, వంగదు, రెపరెపలాడదు. సముద్రం అంచున మేకు దిగ్గొట్టినట్టు నిలబడిపోతుంది. పడవలవాళ్ళు దూరం నుంచే చూసి, "ఇవాళ పైన పనూఫి ఉన్నాడ్రోయ్!" అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతని ఛాతీ రెండంగుళాలు పొంగేది. పొంగదా మరి?

అంత ఎత్తున నిప్పు నిలపడమంటే మాటలు కాదు. నైలు దేశంలో అన్నీ పండుతాయి, కట్టెలు తప్ప. తుమ్మ మొద్దులు, ఉప్పునేల పొదల వేళ్ళు, ఎండిన రెల్లు కట్టలు, ఆముదం మడ్డి, ఏది దొరికితే అది దోనెల్లో దీవికి చేరాలి. అక్కడి నుంచి గాడిదల పని. స్తంభం అడుగు భాగం నలుచదరంగా, ఒక కోటంత ఉంటుంది. దాని లోపల గోడ వెంబడి చుట్లు తిరుగుతూ పైకి పోయే ఏటవాలు దారి ఉంది. రెండు గాడిదలు పక్కపక్కన ఎక్కేంత వెడల్పు. ఎనిమిది పలకల రెండో అంతస్తు మొదలయ్యే చోట గాడిదలు ఆగిపోతాయి. అక్కడి నుంచి స్తంభం నడిమధ్య నూతిలా వదిలిన ఖాళీలోంచి తాళ్ళూ కప్పీలతో బుట్టల్ని పైకి లాగాలి. కట్టెలు ఎక్కిన బుట్టల్లోనే బూడిద దిగుతుంది. అన్నిటికన్నా పైన గుండ్రటి మండపం, అందులో నల్లరాతి పొయ్యి. మెత్తటి సున్నపురాయి నిప్పు తగిలితే ఫెళ్ళున పగులుతుంది కాబట్టి, మంట చుట్టూ మటుకు అస్వాను నుంచి తెచ్చిన గట్టి రాయి పెట్టారు కట్టినవాళ్ళు. కింద అల తగిలే చోట రాయికీ రాయికీ మధ్య సీసం కరిగించి పోశారు. మూడు వందల ఏళ్ళ అలలు ఆ సీసాన్ని వేలెడు కూడా పీకలేకపోయాయి.

ఊళ్ళో జనం ఆ పైన మాయ అద్దం ఉందనీ, దానితో శత్రువుల ఓడల్ని తగలేస్తారనీ పిల్లలకు కథలు చెప్పేవారు. ఉన్నదల్లా మసిబట్టిన కంచు రేకు ఒకటి, మంట వెనక నిలబెట్టింది. దాన్ని ఇసుకతో తోమీ తోమీ పనూఫి వేళ్ళు అరిగిపోయాయి. మాయా లేదు, మన్నూ లేదు.

పనూఫి కిటుకంతా పేర్చడంలో ఉండేది. అందరూ మొద్దుల్ని పడుకోబెట్టి కాలుస్తారు. అతను నిలువుగా పేర్చి, మధ్యలో గొట్టంలా ఖాళీ వదిలేవాడు. కింది కంతల్లోంచి గాలి ఆ ఖాళీలోకి దూరి మంటను తిన్నగా పైకి లాగేది. ఆముదం మడ్డి కుండకు చిన్న చిల్లి పెట్టి, ఖర్జూరపు పీచు ఒత్తి గుండా బొట్టు బొట్టు రాల్చేవాడు. గుమ్మరిస్తే మంట గంతేస్తుంది. బొట్టు బొట్టుగా అయితే తాగుతూ కుదురుగా కూర్చుంటుంది. గాలి వచ్చే వైపున తడిపిన ఎద్దుతోళ్ళ తెర ఉండేది. దానికి కింద చక్రాలు. గాలి మారితే తెరను ఆ వైపుకు తోసేవారు, ఓడలకు వెలుగు అడ్డం కాకుండా ఓరగా.

ఇంత శ్రమా దేనికంటే, ఆ తీరం పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు. నేల కనబడేసరికి ఓడ కింద ఇసుక గీరుకుంటూ ఉంటుంది. రేవు నోటి దగ్గరేమో నీళ్ళలో దాక్కున్న రాళ్ళు. అందుకని రాత్రిపూట ఎవరూ లోపలికి రారు. ఒక పగటి ప్రయాణమంత దూరం నుంచే దీపం చూసుకుని, కాస్త దగ్గరికొచ్చి లంగరేసి, తెల్లారాక కదులుతారు. పగలైతే పచ్చి రెల్లు వేసి పొగ లేపేవారు. దీపం చెప్పేది ఒకటే మాట, ఇక ఆగు అని.

పనూఫి తమ్ముడు పఖోయి ఓడ నడిపేవాడు. రోడ్సు దీవికీ అలెగ్జాండ్రియాకూ మధ్య ఏటా నాలుగైదు సార్లు తిరిగేవాడు. మహా నవ్వులపోగు. అన్న పొడుగు, తమ్ముడు పొట్టి. "మా అన్నకి దీపస్తంభం ఎందుకు, వాడే ఓ కాగడా పట్టుకుని నిలబడితే చాలదూ?" అని పదిమందిలో ఏడిపించేవాడు. పఖోయి భార్య సెనేసి, కొడుకు ఇమూతి పనూఫి ఇంట్లోనే ఉండేవారు. పనూఫికి పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ ముగ్గురే అతని సంసారం.

ఒక ఏడు, వరద తీసి పొలాలు నల్లగా బయటపడుతున్న రోజుల్లో, పఖోయి ఓడ రోడ్సులో బయలుదేరిందని ముందొచ్చిన పడవవాళ్ళు చెప్పారు. అమావాస్య దాటి మూడు రోజులైంది. పనూఫి వంతు అమావాస్యతో అయిపోయింది. అయినా తమ్ముడు వస్తుంటే పైన ఇంకొకడి మంట ఉండడమేమిటని అతనికి అనిపించింది. వంతువాడికి కల్లులాంటి బార్లీ సారా కుండ ఒకటి ఇచ్చి, "ఈ రాత్రికి పడుకోరా, నేను చూసుకుంటా" అని పైకెక్కాడు. ఇంట్లో బయలుదేరేటప్పుడే సెనేసి నవ్వింది. "బావగారూ, మీ తమ్ముడు దారి తప్పేంత చంటిపిల్లాడా ఏంటి?" అంది.

"తప్పడనుకో. కానీ చూసి మురిసిపోవాలిగా!"

ఆ రాత్రి అతను జన్మలో వేయనంత గొప్ప మంట వేశాడు. మబ్బులు కమ్ముకున్నాయి, దక్షిణాన ఒక చీలిక తప్ప ఆకాశమంతా మూసుకుపోయింది. తెల్లవారుజాము దాకా మంట నాలుక వెంట్రుకవాసి కదల్లేదు. పనూఫి దాన్ని చూసుకుని తనలో తను నవ్వుకున్నాడు.

తెల్లారేసరికి రాళ్ళ మధ్య ఓడ ముక్కలు తేలుతున్నాయి. పదకొండు మందిలో ఒకడు బతికాడు. పఖోయి దొరకనే లేదు.

బతికినవాడు మూడో రోజున పనూఫిని వెతుక్కుంటూ స్తంభం ఎక్కి వచ్చాడు. పనూఫి అతని భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"దీపం కనబడలేదా? చెప్పరా! కనబడలేదా?"

"కనబడింది అన్నా. చక్కగా కనబడింది. నీ తమ్ముడే ముందు చూశాడు. 'అదిగో అగస్త్య చుక్క లేచింది' అన్నాడు."

అగస్త్య చుక్క రోడ్సులో సముద్రాన్ని ఒరుసుకుంటూ లేస్తుంది, అంతకన్నా పైకి రాదు. అలెగ్జాండ్రియాకు దగ్గరయ్యేకొద్దీ జానెడు పైకెక్కుతుంది. నావికులకు అదే కొలబద్ద. చుక్క ఇంకా నీటి అంచునే ఉందంటే, ఊరు ఇంకా చాలా దూరమన్నమాట. వెనక గాలి తను అనుకున్నదానికి రెట్టింపు తోసిందని పఖోయికి తెలియలేదు.

"నేనన్నాను, మంటేమోనని," బతికినవాడు నేల చూస్తూ చెప్పాడు. "పఖోయి నవ్వాడు. 'కదలకుండా నిలిచే మంట మా అన్న ఒక్కడిదే. అమావాస్యతో వాడి వంతు అయిపోయింది. మిగతావాళ్ళ మంటలు కోతుల్లా గంతులేస్తాయి. ఇది చుక్కేరా, పడుకోండి' అన్నాడు. లంగరు వేయలేదు."

పనూఫి చుట్టూ ఒకసారి చూసి, "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?" అని అడిగాడు.

"లేదు."

"అనకు. నీకు దణ్ణం పెడతా, అనకు."

అతను అనలేదు. ఆ ఏడాదే మరో ఓడెక్కి ఎటో పోయాడు. పనూఫీ అనలేదు. నిప్పు పనివాళ్ళ పెద్ద అడిగితే గాలిదే తప్పన్నాడు. సెనేసి గుండెలు బాదుకుంటూ అడిగితే సముద్రానిది అన్నాడు. తను దేనికైతే పేరు మోశాడో అదే తమ్ముణ్ణి మింగిందని ఏ నోటితో చెబుతాడు? చెబితే సెనేసి ఆ ఇంట్లో ఒక్క పూటైనా ఉంటుందా? పదకొండేళ్ళ ఇమూతి "పెదనాన్నా" అని మళ్ళీ పిలుస్తాడా? ఆ భయానికే నోరు విప్పలేదు. పైగా అందరూ ఆ కుదురు మంటనే మెచ్చుకుంటూ ఉంటే, మానేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని వేస్తూనే ఉన్నాడు. తొమ్మిదేళ్ళు వేశాడు. ఆ తొమ్మిదేళ్ళలో మరో రెండు ఓడలు అవే రాళ్ళకు తగిలాయి. అవి ఎందుకు తగిలాయో ఎవరికీ తెలియదు. పనూఫికి తెలుసు.

పఖోయి పైకి రావడం మొదలుపెట్టింది ఆ మొదటి ఏడాదే. మంట కుదురుకోగానే తడి తాడు వాసన వేసేది. తిరిగి చూస్తే, తోలు తెర పక్కన, గాలి తగలని మూల, తమ్ముడు వీపు ఇటు పెట్టి కూర్చుని ఉండేవాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతూ ఉండేవి. రాతి మీద తడి మాత్రం ఉండేది కాదు. తిట్టడు, ఏడవడు, ఇటు తిరగడు. దక్షిణం వైపే చూస్తూ ఉంటాడు. పనూఫి మొదట్లో ఐసిస్ తల్లికి మొక్కాడు, తాయెత్తు కట్టించుకున్నాడు, ఉల్లిపాయలు మానేశాడు. లాభం లేకపోయింది. కొన్నాళ్ళకు పలకరించడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ పఖోయీ, చలేస్తోందా?" అనేవాడు.

రోము రాజ్యంవాళ్ళు టైబరు నది నోటి దగ్గర కొత్త రేవు కడుతున్నారనీ, దానికి ఫారోసు లాంటి దీపస్తంభమే కావాలనీ, నిప్పు తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నారనీ కబురొచ్చింది. పనూఫి ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. సముద్రం దాటితే తమ్ముడు వెంట రాడనుకున్నాడు పిచ్చివాడు.

కొత్త రేవులో స్తంభం పని చూసేవాడి పేరు కార్టీలియస్. బొజ్జ, బట్టతల, గట్టి గొంతు. పనివాళ్ళను తిట్టని రోజు అతనికి అన్నం సయించేది కాదు. కానీ పని తెలిసినవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. సముద్రంలో పునాదికి రాయి ఎలా నిలుస్తుందని పనూఫి అడిగితే నవ్వాడు. "చూస్తూ ఉండవయ్యా ఈజిప్టు పెద్దమనిషీ!" అన్నాడు. ఒకప్పుడు ఏకశిలా స్తంభాన్ని మోసుకొచ్చిన బ్రహ్మాండమైన ఓడ ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని రెండు అలకట్టల నడుమకు లాక్కొచ్చారు. సున్నం, రాళ్ళ ముక్కలు, దక్షిణాన ఉన్న పుటియోలి రేవు నుంచి తెచ్చిన నిప్పుకొండ బూడిద కలిపి దాని కడుపునిండా పోశారు. ఆ బూడిద కలిసిన సున్నం నీళ్ళలో కూడా గట్టిపడుతుంది, నీళ్ళలోనే ఇంకా గట్టిపడుతుంది. ఓడ అలాగే మునిగి దీవి అయి కూర్చుంది. దాని మీద స్తంభం లేచింది.

మిగతాదంతా పనూఫి చెప్పినట్టే కట్టారు. అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ మెట్టు మెట్టుగా సన్నబడుతూ, ఒక్కో మెట్టు దగ్గర అల దెబ్బా గాలి దెబ్బా విరిగేలా. నడుమ నూతిలాంటి ఖాళీ, కప్పీలు. పొయ్యికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత ఎడం, ఎడం లేకపోతే వేడికి గోడ బీటలిస్తుందని. పొయ్యి చుట్టూ కాల్చిన ఇటుక. గాలికి చక్రాల మీద తోలు తెర. కట్టెలకు మాత్రం ఇక్కడ కొదవే లేదు. దేవదారు, సింధూర మాను, జిగురు కారే పైను చెట్ల మొద్దులు చూసి పనూఫికి కళ్ళు తిరిగాయి. వీళ్ళకు నిప్పు విలువ తెలిస్తేనా అని లోలోపల తిట్టుకున్నాడు.

కార్టీలియస్‌కు అతను మొదటి రోజే మాటిచ్చాడు. "చుక్కలా నిలుస్తుందయ్యా మంట" అన్నాడు. నోటికి అలవాటైన మాట అలా వచ్చేసింది. కార్టీలియస్ అందరితో అదే చెప్పుకున్నాడు, ఒప్పందంలో కూడా రాయించాడు. ఆ సాయంత్రం పనూఫి గదికి పోతే, పఖోయి గుమ్మంలో వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

మూడో ఏడు, శరత్కాలంలో, దీపం మొదటిసారి వెలిగించే రోజు వచ్చింది. కింద అలకట్ట మీద పందిళ్ళు వేశారు, వేపిన పందిమాంసం వాసన పైదాకా వస్తోంది. ఆ ఉదయమే పుటియోలి నుంచి రోడ్డుదారిన వచ్చినవాడు పనూఫికి ఒక కబురు తెచ్చాడు. ఇమూతి ఉన్న గోధుమల ఓడ నాలుగు రోజుల క్రితమే పుటియోలి దాటిందట, గాలికి పడమటికి కొట్టుకుపోయి ఉంటుందట. ఇమూతికిప్పుడు ఇరవై మూడేళ్ళు. తండ్రి పనే, ఓడ చుక్కాని దగ్గర రెండో మనిషి. పెదనాన్నను చూడడానికని ఏరికోరి ఈ రేవు ఓడెక్కాడు.

పొద్దు కుంకే వేళకు నైరుతి గాలి లేచింది. మబ్బులు తరుముకొచ్చాయి. పనూఫికి సహాయంగా ఉన్న బుక్కో, లావు బుగ్గలవాడు, కంతలోంచి చూసి, "అదిగో అయ్యా, ఓ పెద్ద తెరచాప! తిన్నగా ఇటే వస్తోంది!" అని అరిచాడు.

పనూఫి చూశాడు. అలెగ్జాండ్రియా ఓడే. పై చాప మూడు మూలల కట్టు చూస్తే తెలిసిపోతుంది. గాలి వెనక నుంచి తోస్తుంటే నిండు చాపలతో వస్తోంది. తర్వాత మసక కమ్మేసి ఓడ కనబడలేదు.

కింద బాకాలు ఊదారు. పనూఫి కొరివి పెట్టాడు. నిలువుగా పేర్చిన పైను మొద్దులు గొట్టంలోంచి గాలి పీల్చుకున్నాయి, మంట తిన్నగా లేచి నిలబడింది. కింద జనం ఒక్కసారి హోరుమన్నారు. కార్టీలియస్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"శభాష్! అక్షరాలా చుక్కే!"

తడి తాడు వాసన వేసింది. పనూఫి తిరిగి చూడలేదు. చూడకుండానే తెలుసు. కానీ ఈసారి చూసింది ఆకాశాన్ని. మబ్బంతా మూసుకుపోయింది, ఈశాన్యం వైపు ఒక్క చీలిక మిగిలింది. ఈ రుతువులో ఆ వైపున, ఈ వేళకే, మేక చుక్క లేస్తుంది. నీటి అంచున, పసుప్పచ్చగా, ఒంటరిగా. నైరుతి నుంచి వచ్చే ఓడకు ఈ స్తంభం సరిగ్గా ఆ దిక్కునే కనబడుతుంది. నిన్నటిదాకా ఇక్కడ దీపమే లేదు. ఆ ఓడ నడిపేవాడికి ఇక్కడ వెలుగు ఉంటుందని కూడా తెలియదు. చుక్క చూశాననుకుంటాడు, తీరం ఇంకా దూరమనుకుంటాడు, నిండు చాపలతో ఇసుక మేటల మీదికి వచ్చేస్తాడు.

పనూఫి తెర దగ్గరికి పరుగెత్తాడు.

"బుక్కో! తెర ఇటు తొయ్! సముద్రం వైపుకి!"

"అలా తోస్తే ఓడలకు వెలుగు అడ్డమైపోతుందిగా అయ్యా?"

"తొయ్యరా వెధవా!"

ఇద్దరూ భుజాలాన్చి తోశారు. తడి తోళ్ళు సముద్రానికీ మంటకీ మధ్య నిలబడ్డాయి. కింద జనం గొంతు టక్కున ఆగింది. అలకట్ట మీద చీకటి పడిపోయింది. పనూఫి పది దాకా లెక్కపెట్టి, "లాగు!" అన్నాడు. వెలుగు మళ్ళీ పడింది. "తొయ్!"

కార్టీలియస్ అతని రెక్క పట్టుకున్నాడు. "పిచ్చెక్కిందా నీకు? కింద రోము నుంచి వచ్చిన పెద్దలున్నారు! నా పరువేం కావాలి? చుక్కలా నిలుపుతానన్నావా లేదా?"

"అన్నానయ్యా. తప్పయింది. చుక్కలా నిలిస్తే చుక్కే అనుకుంటారు."

"ఎవరనుకుంటారు?"

"నా తమ్ముడనుకున్నాడు!" పనూఫి అరిచాడు. పన్నెండేళ్ళుగా గొంతులో ఇరుక్కున్నది అలా ఊడిపడింది. "నా మంట చూసే చచ్చాడయ్యా! అది నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నా. ఇంకో రెండు ఓడలు పోయాయి, అప్పుడూ మూసుకున్నా. నన్ను కొరడాలతో కొట్టించుకో, రేపు కొట్టించుకో. ఈ రాత్రికి మాత్రం నా జోలికి రాకు. బుక్కో, లాగు!"

కార్టీలియస్ చెయ్యి వదిలేశాడు. అతని మొహంలో కోపం మాత్రం పోలేదు. సముద్రం వైపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద పెద్దలకు ఏం సర్దిచెప్పాడో ఏమో, పైకి ఎవరినీ పంపలేదు.

బుక్కో చేతులు బొబ్బలెక్కాయి. తెర లాగినప్పుడల్లా పనూఫి జిగురు ముద్ద ఒకటి మంటలోకి విసిరేవాడు. మంట భగ్గున లేచి, ఎర్రగా గంతేసి, పడేది. జన్మంతా అసహ్యించుకున్న గంతులవి. పొయ్యి పక్క మూలలో తడి జుట్టు, ముడుచుకున్న వీపు అలాగే ఉన్నాయి. పనూఫి అటు చూస్తూ, "తొయ్... లాగు..." అని బుక్కోకు చెబుతూనే ఉన్నాడు. రెండు జాములు గడిచాక చీకట్లో, రేవుకు బాగా అవతల, చిన్న దీపం ఒకటి పైకీ కిందికీ ఊగింది. లంగరు వేసిన ఓడ ఊపే దీపం.

పనూఫి కూలబడి ఏడ్చాడు. బుక్కో ఏం చెయ్యాలో తెలియక అతని ముందు నీళ్ళ చెంబు పెట్టాడు.

తెల్లారాక తెడ్ల పడవలు వెళ్ళి ఓడను లోపలికి లాక్కొచ్చాయి. ఓడ నడిపే ముసలాయన అలకట్ట మీద దిగుతూనే, "పైన ఎవడ్రా, ఆ దీపంతో కన్ను గీటింది?" అని అడిగాడు. "మేక చుక్క అనుకుని తిన్నగా వస్తున్నా. ఉన్నట్టుండి మేక కన్ను మూసింది. మళ్ళీ తెరిచింది. మేక చుక్క కళ్ళార్పడమేంట్రా బాబూ అని చాపలు దింపించేశా. లోతు కొలిస్తే ఏముంది, ఏడు బారలే నీళ్ళు!" అని చుట్టూ చేరినవాళ్ళకు పదిసార్లు చెప్పాడు. ఆ మాట విన్నాక కార్టీలియస్ ఒప్పందం సంగతి ఎత్తలేదు. మబ్బు పట్టిన రాత్రుల్లో తెర జరపాలని, జిగురు ముద్దలు వేరే తీసి ఉంచాలని తనే పనివాళ్ళకు చెప్పాడు. రాతల్లోకి అదేదీ ఎక్కలేదు. ఆ స్తంభం మీద చేతి నుంచి చేతికి మాత్రం కొన్నాళ్ళు నడిచింది.

మధ్యాహ్నం ఇమూతి మెట్లెక్కి వచ్చాడు. తండ్రి పొట్టితనం, తండ్రి భుజాలు. పనూఫి కాళ్ళకు దణ్ణం పెట్టి, తల్లి ఇచ్చిన ఎండుచేపల మూట విప్పాడు.

"నీ దీపమే బతికించింది పెదనాన్నా. అయినా అదేంటి, నీ మంట ఎప్పుడూ కదలదుగా? రాత్రి అలా ఆర్పి వెలిగించావెందుకు?"

పనూఫి చేప ముక్క పక్కన పెట్టాడు. చెప్పాడు. వంతు మార్చుకోవడం, మంట నిలపడం, బతికినవాడు వచ్చి చెప్పిన ప్రతి మాట, తను నోరు మూయించడం, అన్నీ. ఒక్కటీ దాచలేదు. ఇమూతి మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక లేచి కంత దగ్గరికి పోయి సముద్రం చూస్తూ నిలబడ్డాడు. అలా వీపు పెట్టి నిలబడితే అచ్చం వాళ్ళ నాన్నే.

"అమ్మ ఇప్పటికీ రోజూ పొద్దుగూకాక మిద్దెక్కుతుంది," అన్నాడు చివరికి. "నువ్వు అక్కడ లేకపోయినా, ఆ ఫారోసు దీపానికి దణ్ణం పెడుతుంది. 'మీ పెదనాన్న ఆ రాత్రి వంతు మార్చుకుని మరీ మంట నిలిపాడ్రా. మీ నాన్న చీకట్లో పోలేదు. ఆ వెలుగు చూస్తూనే పోయాడు' అంటుంది. దాన్ని పట్టుకునే బతుకుతోంది. ఇప్పుడు నన్ను వెళ్ళి ఏం చెప్పమంటావు పెదనాన్నా?"

పనూఫి పొయ్యి వైపు తిరిగాడు. పొయ్యిలో రాత్రి బూడిద ఇంకా వెచ్చగా ఉంది.

"చూస్తూనే పోయాడని చెప్పు," అన్నాడు. "అది అబద్ధం కాదు."

ఇమూతి మూట అక్కడే వదిలేసి మెట్లు దిగాడు. పనూఫి సాయంత్రానికి కట్టెలు పేర్చడం మొదలుపెట్టాడు.